కుండీ వాళ్లకా, ఎకరం వాళ్లకా: పోస్టుకి మాటలు, హ్యాష్‌ట్యాగులు ఎంచుకునే పద్ధతి

(విజయవాడలో మిద్దె తోట సామాను అమ్ముకునే చిన్న వ్యాపారుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారమండీ. ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమంది నారు, విత్తనాలు, గ్రో బ్యాగులు, వేపనూనె, వర్మీకంపోస్టు అమ్ముతున్నారు. అందరికీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. వారానికి రెండు మూడు పోస్టులు పడుతున్నాయి. కాబట్టి సోషల్ మీడియా మొత్తం గురించి మాట్లాడకుండా ఒక్క మొక్క, ఒక్క జబ్బు తీసుకుంటాను. మిరప మొక్కకి వచ్చే ఆకు ముడత. ఆ ఒక్క పోస్టుకి విషయం ఎలా తేల్చుకోవాలి, కాప్షన్‌లో ఏ మాటలు పడాలి, కింద ఏ ట్యాగులు పెట్టాలి, వారం తర్వాత ఏం చూసుకోవాలి, ఇవన్నీ వరసగా చేసి చూద్దాం.

మిరపే ఎందుకంటారా? మన కృష్ణా, గుంటూరు వైపు మిరప అనగానే రెండు రకాల జనం కనిపిస్తారు. పటమటలో అపార్ట్‌మెంటు డాబా మీద నాలుగు కుండీల్లో పచ్చిమిర్చి పెంచుకునే ఆవిడ ఒకరు. ప్రత్తిపాడు దగ్గర నాలుగు ఎకరాల్లో మిరప వేసిన రైతు ఇంకొకరు. ఇద్దరి మొక్కకీ వచ్చేది అదే ముడత, కారణమూ అవే పురుగులు. కానీ మీ దగ్గర 100 మిల్లీలీటర్ల వేపనూనె సీసా కొనేది మొదటి ఆవిడ. రైతుకి కావలసింది ఎకరానికి ఎంత మందు, ఎన్ని ట్యాంకులు అన్న లెక్క. ఆ లెక్క మీ దగ్గర ఉండదు, ఉన్నా అది చెప్పాల్సింది వ్యవసాయ అధికారి. కాబట్టి మీ పోస్టు వెయ్యిమంది రైతులకి కనిపించినా ఇటు మీకూ ఉపయోగం లేదు, అటు వాళ్లకీ లేదు. ఒకే విషయం మీద ఈ రెండు గుంపుల్నీ విడదీసేది మీరు వాడే మాట. నేను చెప్పబోయేదంతా ఆ మాటను పట్టుకోవడం గురించే.

ముందు హ్యాష్‌ట్యాగు ఇప్పుడు ఏం చేస్తుందో తెలుసుకుందాం. దీని మీద చాలామందికి పాత లెక్కే ఉంది. 2007 ఆగస్టులో ట్విట్టర్‌లో క్రిస్ మెసినా అనే ఆయన, ఒక విషయం మీద మాట్లాడుకునే వాళ్లందరినీ ఒకచోట చేర్చడానికి మాట ముందు # గుర్తు పెడదామని సూచించాడు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌కీ వచ్చింది. అక్కడ అప్పట్లో ఒక పోస్టుకి 30 ట్యాగుల దాకా ఒప్పుకోవడంతో, 30కి 30 నింపేయడం అందరికీ అలవాటైపోయింది. 2021లో ఇన్‌స్టాగ్రామే 3 నుంచి 5 చాలని సలహా ఇచ్చింది. 2024 డిసెంబరులో ట్యాగును ఫాలో అయ్యే సదుపాయం తీసేసింది. అంటే #gardening ఫాలో అయ్యే లక్షలమందికి మన పోస్టు దానంతటదే చేరుతుందన్న ఆశకి ఇప్పుడు చోటు లేదు. ట్యాగుల వల్ల చెప్పుకోదగ్గంతగా రీచ్ పెరగదని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి కూడా ఒకటికి నాలుగుసార్లు చెప్పారు.

మరి ట్యాగు ఎందుకు? రెండు పనులకి. ఒకటి, ఈ పోస్టు దేని గురించో యాప్‌కి చెప్పే చీటీ అది. పచారీ కొట్లో డబ్బా మీద అంటించే చీటీ లాంటిది. లోపల కందిపప్పు ఉండి పైన మినపప్పు అని రాస్తే కావలసిన వాళ్లు ఆ డబ్బా తెరవరు. రెండు, ఎవరైనా ఆ మాట వెతికినప్పుడు దొరకడానికి. ఈ రెండో పనిలో ట్యాగు కన్నా కాప్షన్‌లోని మామూలు మాటలకే బరువు ఎక్కువని నా అభిప్రాయం. వెతుకులాటలో పోస్టు దొరకాలంటే మాటలూ ట్యాగులూ కాప్షన్‌లోనే ఉండాలి, కామెంట్‌లో పెట్టొద్దని ఇన్‌స్టాగ్రామ్ స్వయంగా చెప్పింది. అందంగా ఉంటుందని మొదటి కామెంట్‌లో ట్యాగులు పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే మానేయండి. ఇంకోటి, 2025 జులై నుంచి ప్రొఫెషనల్ అకౌంట్ల పబ్లిక్ పోస్టులు గూగుల్ వెతుకులాటలో కూడా కనిపించే వీలు వచ్చింది. అక్కడ పనికొచ్చేది ముఖ్యంగా మీరు రాసిన వాక్యమే.

ఇక పనిలోకి వద్దాం. మొదటి పని ట్యాగులు వెతకడం అనుకుంటారు చాలామంది. దానికన్నా ముందు మీ వాట్సాప్, ఇన్‌స్టా ఇన్‌బాక్సు తెరిచి, గత మూడు నెలల్లో కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలు ఒక 30 నోట్‌బుక్‌లో ఎక్కించండి. అక్షరం మార్చొద్దు, తప్పులు దిద్దొద్దు. అవి ఇలా ఉంటాయి: "maa mirchi mokka aakulu mudutha padutunnay em cheyali andi". "కుండీలో పచ్చిమిర్చి ఆకులు ముడుచుకుపోతున్నాయి, పూత నిలవట్లేదు". "mirchi plant leaves curling, any spray?"

ఈ మూడింటిలో ఏమేం ఉన్నాయో, ఏం లేదో చూడండి. మొక్క ఉంది, కుండీ ఉంది, ముడుచుకోవడం ఉంది. ముడతకి కారణమయ్యే తామర పురుగు అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. అది జవాబులో వచ్చే మాట. అడిగే మనిషికి ఆ పేరే తెలిసి ఉంటే సగం సమస్య తీరినట్టే. మనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. మనకి జవాబు తెలుసు కాబట్టి పోస్టు పైన జవాబే రాస్తాం: "తామర పురుగుల నివారణ" అని. ఆ మాట పట్టుకుని వెతికేది ఎవరు? రైతు, లేదా పురుగుమందుల కొట్టు ఆయన. పటమట ఆవిడ వెతకదు.

రైతుల మాటలు కూడా పక్కన ఒక వరుసలో రాసుకోండి, తప్పించుకోవడానికి. పై ముడత, కింది ముడత, బొబ్బర, మిర్చి చేను, మిరప తోట, ఎకరానికి, పిచికారీ. "తోట" దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. గుంటూరు వైపు మిరప తోట అంటే పొలమే. మీరు డాబా మీద కుండీల వీడియోకి #mirapathota అని పెడితే, తెలుగు తెలిసిన ఎవరికైనా అది పొలం మాటే. అదే #middethota అంటే డాబా తప్ప ఇంకో అర్థం రాదు. రెండింటిలోనూ తోట ఉంది, ముందున్న మాట జనాన్ని విడగొట్టేసింది.

ప్రశ్నలు రాశాక వాటిని గుంపులు కట్టండి. ఒక్కో గుంపుకి ఒక్కో పోస్టు. "మిరప మొక్క సంరక్షణ" అని ఒక్క వీడియోలో మట్టి, ఎరువు, ముడత, పూత రాలడం అన్నీ చెప్పేస్తే అది ఏ ఒక్క ప్రశ్నకీ దొరకదు. ముడత ఒకటి, పూత రాలడం ఇంకొకటి, కాయ చిన్నగా రావడం మరొకటి. మన పోస్టుకి ఇంకా కొంచెం బిగిద్దాం: కుండీలో మిర్చి ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా? ఇది మంచి విషయం. చూసే ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని మొక్క దగ్గరికి వెళ్లి పోల్చుకోవచ్చు. అంచులు పైకి లేచి దోనెలా అయితే తామర పురుగు. అంచులు కిందికి వంగి, తిరగేసిన దోనెలా ఉండి, ఆకు కాడ సాగితే నల్లి. చిగురు కింద తెల్ల కాగితం పట్టుకుని రెండు దెబ్బలు తడితే తామర పురుగులు సన్నగా, పసుపుగా పాకుతూ కనిపిస్తాయి. నల్లి మామూలు కంటికి ఆనదు, భూతద్దం కావాలి. ఇలాంటి పోస్టు సేవ్ చేసుకోవాలనిపిస్తుంది, పక్కింటి వాళ్లకి పంపాలనిపిస్తుంది. కొత్తవాళ్లకి చేరడంలో, లైకుల కన్నా ఒకరికొకరు పంపుకోవడానికే బరువు ఎక్కువని ఇన్‌స్టాగ్రామ్ వైపు నుంచే చెప్పారు కాబట్టి, విషయం ఎంచుకునేటప్పుడు "ఇది ఎవరైనా ఎవరికి పంపుతారు?" అని అడిగి చూసుకోండి.

ఎప్పుడు పెట్టాలన్నదీ విషయంలో భాగమే. తామర పురుగులు ఎండ ముదిరి, గాలి పొడిగా ఉన్న రోజుల్లో పెరుగుతాయి. వారం రోజులు ముసురు పట్టినప్పుడు ఈ పోస్టు పెడితే ఎవరి కుండీలోనూ ఆ బాధ ఉండదు. వానలు ఆగి వారం పది రోజులు పొడి ఎండ కాశాక పెట్టండి.

ఇప్పుడు ట్యాగులు. ఇన్‌స్టాగ్రామ్ సెర్చ్ తెరిచి మీ నోట్‌బుక్‌లోని మాటలు మూడు రకాలుగా టైపు చేయండి: తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, మామూలు ఇంగ్లీషులో. సగం టైపు చేసి ఆగండి, కింద వచ్చే సూచనలు రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాల తెలుగులో స్పెల్లింగు బాధ ఉంటుంది. మిద్దె తోటని middethota, middhethota, midhethota అని తలా ఒకలా రాస్తారు. యాప్‌కి అవి మూడు వేర్వేరు ట్యాగులు. ప్రతిదీ తెరిచి ఎక్కువ మంది ఎందులో ఉన్నారో చూసి ఒకటే పట్టుకోండి. మూడూ పెట్టి స్థలం పాడు చేయొద్దు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా యాప్‌కి లేదు. అయినా #MiddeThota అని ప్రతి మాట మొదట్లో పెద్దక్షరం పెట్టండి, చూపులేని వాళ్లు వాడే స్క్రీన్ రీడరు దాన్ని రెండు మాటలుగా సరిగ్గా చదువుతుంది.

ట్యాగు పేజీ తెరిచాక పోస్టుల సంఖ్య చూసి మురిసిపోవద్దు. పైన కనిపించే మొదటి 12 పోస్టులు ఒక్కొక్కటే చూడండి. నేను పెట్టుకునే కొలత ఇది: ఆ 12లో కనీసం 8 మన పటమట ఆవిడ ఆగి చూసేవిగా ఉండాలి. #gunturmirchi తెరిచి ఈ పరీక్ష పెట్టండి. యార్డు ధరలు, తేజ, 334 రకాల బస్తాలు, కారప్పొడి అమ్మకాలు, పచ్చళ్లు, అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సగం దాటితే అది వ్యాపారుల, వంటల ట్యాగు, ఎంత పెద్దదైనా మనది కాదు. రెండో పరీక్ష, ఆ 12 ఎప్పటివి? అన్నీ రెండేళ్ల కిందటివైతే అటువైపు ఇప్పుడు ఎవరూ తిరగట్లేదని అర్థం. మూడోది, ఆ పోస్టులు పెట్టిన పేజీలు మీ కన్నా ఎంత పెద్దవి? మీకు 1,400 మంది ఫాలోయర్లు ఉండి, అక్కడున్న అందరికీ లక్ష దాటి ఉంటే, ఆ పేజీలో పైకి రావడం కష్టం. అలాంటిది ఒక్కటి పెట్టుకోవచ్చు, అన్నీ అవే పెట్టొద్దు.

ఈ వడపోతలో మన ముడత పోస్టుకి నేనైతే నాలుగు ఉంచుతాను. #MiddeThota, #మిద్దెతోట, #TerraceGardenTelugu, #MirchiMokka. మొదటి రెండూ ఒకే మాట రెండు లిపుల్లో, ఎందుకంటే వెతికేవాళ్లు రెండు రకాలుగానూ టైపు చేస్తారు. మూడోది ఇంగ్లీషు మాటతో వెతికినా తెలుగులో చూడాలనుకునే వాళ్లకి, మన అపార్ట్‌మెంట్లలో అలాంటి వాళ్లు ఎక్కువ. నాలుగోది మొక్క. ఇందులో మిర్చి ఉన్నా "మొక్క" అన్న మాట పొలాన్ని దూరం పెడుతుంది, రైతు చేను అంటాడు, తోట అంటాడు. #ChilliPlantCare ఎందుకు వద్దు? వీడియోలో మాట తెలుగు. ఆ ట్యాగుతో వచ్చే తమిళ, హిందీ, ఇండోనేషియా వాళ్లు రెండు సెకన్లు చూసి వేలు కదిపేస్తారు. అలా ఆగకుండా దాటిపోయేవాళ్లు మొదట్లోనే ఎక్కువైతే పోస్టు ముందుకి సాగదు. #viral, #trending, #instagood సంగతీ ఇంతే, వాటికి విషయమే లేదు. ఐదో చోటు ఖాళీగా వదిలేయండి. నింపాలని నింపే ట్యాగు కన్నా ఖాళీయే నయం.

కాప్షన్ ఇలా రాద్దాం: "కుండీలో పచ్చిమిర్చి మొక్క ఆకులు ముడుచుకుపోతున్నాయా? ముందు ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా చూడండి. పైకి అయితే తామర పురుగు. కిందికి వంగితే నల్లి. mirchi mokka aakulu mudutha padithe modata cheyalsina pani, chigurlu thunchi kavarlo katti parayyadam. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి." మొదటి వాక్యం అడిగేవాళ్ల నోటి మాట. మధ్యలో ఒక వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, అలా వెతికేవాళ్ల కోసం. కొలత లీటరుకి చెప్పాం, ఎకరానికి చెప్పలేదు. కుండీ అన్న మాట మొదటి మాటగా వచ్చింది. ఈ నాలుగూ ట్యాగుల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

బొమ్మ కూడా ఇదే మాట చెప్పాలి. గూగుల్లో దొరికిన మిరప పొలం ఫోటో కవరుగా పెట్టి కింద మిద్దె తోట అని రాసే వాళ్లున్నారు. బొమ్మ ఒకటి, రాత ఒకటి అయితే చూసేవాళ్లూ తికమకపడతారు, యాప్ కూడా పడుతుంది. కుండీ అంచు, పిట్టగోడ కనిపించేలా మీ ఫోను తోనే తీయండి. కవరు మీద పెద్ద అక్షరాలతో "కుండీ మిర్చి ఆకు ముడత" అని చాలు.

పోస్టు పెట్టగానే ఒక చిన్న పరిశీలన చేయండి. తెలుగు లిపి ట్యాగు మొత్తం నీలంగా మారిందా లేక మధ్యలో తెగిందా చూడండి. రెండు మాటల మధ్య ఖాళీ ఉన్నా, చుక్క, గీత, కామా లాంటివి పడినా అక్కడితో ట్యాగు ఆగిపోతుంది. "#మిద్దె తోట" అని రాస్తే మీ ట్యాగు "మిద్దె" ఒక్కటే. కొన్ని కీబోర్డులు పొల్లు అక్షరాల తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి చేరుస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా అది వేరే ట్యాగు కావచ్చు. ట్యాగు మీద నొక్కి, తెరుచుకున్న పేజీలో ఇతరుల పోస్టులు ఉన్నాయా చూస్తే తేలిపోతుంది. మీ పోస్టు ఒక్కటే ఉంటే ఏదో తేడా ఉంది.

వారం ఆగి లెక్క చూడాలి. ఇక్కడ వ్యూస్ ఒక్కటే చూస్తే మోసపోతాం. లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక పోస్టుకి రైతు మాటలు, #gunturmirchi, #viral పెట్టారు. 5,200 వ్యూస్, 9 సేవ్‌లు, 22 కామెంట్లు వచ్చాయి. ఇంకో పోస్టు మనం ఇప్పుడు రాసింది. 1,900 వ్యూస్, 61 సేవ్‌లు, 17 కామెంట్లు. వెయ్యి వ్యూస్‌కి సేవ్‌లు మొదటిదాంట్లో రెండు కూడా లేవు, రెండోదాంట్లో 32. ఇన్‌సైట్స్‌లో ఫాలోయర్లు కానివాళ్లు ఎంత శాతం అన్నదీ చూడండి. అది ఎక్కువుండి సేవ్‌లూ ఎక్కువుంటే కొత్త, సరైన జనం వస్తున్నట్టు. అది ఎక్కువుండి సేవ్‌లు లేకపోతే కొత్తవాళ్లే కానీ మనవాళ్లు కారు.

అన్నిటికన్నా నిజం చెప్పేవి కామెంట్లు. "అన్నా, ఎకరానికి ఎంత కొట్టాలి?" అని వస్తే పోస్టు పొలానికి పోయింది. "అండీ, నా దగ్గర 12 అంగుళాల కుండీ ఉంది, ఎన్ని రోజులకోసారి?" అని వస్తే ఇంటికి చేరింది. హిందీలో వస్తే ఏదో ఇంగ్లీషు ట్యాగు లాగింది. ఒక్కో రకం ఎన్నో గీతలు గీసి లెక్కపెట్టండి. తర్వాతి పోస్టులో ఒక్క ట్యాగు మాత్రమే మార్చండి. నాలుగు పోస్టులు అలా చేస్తే ఏది ఎవరిని తెస్తోందో ఒక అంచనా వస్తుంది. అన్నీ ఒకేసారి మారిస్తే ఏమీ తెలియదు. ఫోన్ నోట్స్‌లో ఒక ట్యాగుల కట్ట దాచుకుని టమాటాకీ, గులాబీకీ, వర్మీకంపోస్టుకీ అదే అతికించినా అంతే, చీటీలన్నీ ఒకటే అయితే ఏ డబ్బాలో ఏముందో చెప్పలేం.

ప్రశ్నలుంటే అడగండి.

విజయవాడ ట్యాగు పెట్టొద్దా అని అడుగుతున్నారు. అమ్మేది ఏమిటన్న దాని మీద ఉంటుందండీ. విత్తనాలు కొరియర్‌లో కర్నూలుకైనా పోతాయి, వాటికి ఊరి ట్యాగు అక్కర్లేదు. మట్టి మిశ్రమం బస్తాలు, పెద్ద కుండీలు, నారు, ఇవి ఊరు దాటవు. వాటికి పోస్టులో లొకేషన్ పెట్టండి, కాప్షన్‌లో "భవానీపురం, గుణదల, పటమట వైపు డెలివరీ" అని రాయండి. గుంటూరు వాళ్లయితే బ్రాడీపేట, లక్ష్మీపురం అని రాయండి. వట్టి #vijayawada తెరిస్తే సినిమా, హోటళ్లు, రాజకీయం అన్నీ కలిసి ఉంటాయి, అందులో మొక్కల మనిషిని పట్టుకోలేం.

పాత పోస్టుల ట్యాగులు మారిస్తే లాభముందా అన్నారు. ఏడాది పొడుగునా అడిగే ప్రశ్నకి జవాబు ఉన్న పోస్టులైతే మొదటి వాక్యం తిరగరాయండి, వెతుకులాటలో పనికొస్తుంది. పోయిన దీపావళి ఆఫరు పోస్టు జోలికి వెళ్లొద్దు. పేజీ పేరు కూడా చూసుకోండి. ప్రొఫైల్‌లో నేమ్ అన్న చోట దుకాణం పేరు పక్కన "మిద్దె తోట, విత్తనాలు" అని చేర్చితే ఆ మాటతో వెతికినప్పుడు పేజీయే కనిపించే వీలుంటుంది.

చివరిగా యూట్యూబ్ అడిగారు. మాటల పని అక్కడా ఇదే, కాకపోతే టైటిల్‌కి బరువు ఎక్కువ. డిస్క్రిప్షన్‌లో పెట్టిన హ్యాష్‌ట్యాగుల్లో మూడింటి దాకా టైటిల్ దగ్గర కనిపిస్తాయి కాబట్టి మూడే పెట్టండి. 60 దాటితే యూట్యూబ్ ఆ వీడియో ట్యాగులన్నిటినీ వదిలేస్తుంది. స్టూడియోలో విడిగా ట్యాగ్స్ అని ఒక గడి ఉంటుంది, దాని పాత్ర చాలా తక్కువని యూట్యూబే రాసింది. జనం తరచూ తప్పు స్పెల్లింగుతో వెతికే మాటలకి అది పనికొస్తుంది. ఇందాక చెప్పిన middhethota, midhethota ఉన్నాయి కదా, అవి ఆ గడిలో వేసేయండి.